వడ్డీ రేట్లు పెరిగితే బాండ్ ధర ఎందుకు పడుతుంది? ఈల్డ్, డ్యురేషన్ చేత్తో లెక్కేసి చూద్దాం

కాజీపేట రైల్వేలోనో, భూపాలపల్లి సింగరేణిలోనో చేసి రిటైరైన వాళ్ల నుంచి ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తుంటుంది. "గవర్నమెంట్ బాండ్లే కొంటది గద ఈ ఫండ్, గవర్నమెంట్ ఎగ్గొట్టదు గద, మరి నా పైసలెట్ల తగ్గినయ్?" అని. 2022లో గిల్ట్ ఫండ్ స్టేట్‌మెంట్ తెరిచి చూసుకున్న చాలామందికి ఇదే అనుమానం వచ్చింది. ప్రభుత్వం ఒక్క వడ్డీ వాయిదా కూడా తప్పలేదు, అయినా ధర పడింది. ఎందుకు పడిందో, ఎంత పడుతుందో ముందే ఎలా లెక్కేయాలో, పడ్డది ఎన్నాళ్లకు పూడుతుందో ఒక్క బాండ్ పట్టుకుని చివరిదాకా చూద్దాం. పెన్ను, కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

మొదట ప్రోనోటుతో మొదలుపెడదాం

మన దగ్గర నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. మీరు ఒకాయనకు లక్ష రూపాయలు ఏడాది గడువుతో నూటికి రూపాయి చొప్పున ఇచ్చి నోటు రాయించుకున్నారనుకోండి. ఏడాది తర్వాత మీకొచ్చేది 1,12,000. నోటు మీద సంతకం అయిపోయింది కాబట్టి ఆ అంకె ఇక మారదు.

వారం తిరగకుండానే ఊళ్లో వడ్డీ రూపాయిన్నరకు పోయింది, అంటే ఏడాదికి 18 శాతం. అప్పుడే మీకు అర్జెంటుగా డబ్బు కావాల్సొచ్చి ఆ నోటును ఇంకొకరికి ఇచ్చేయాలనుకున్నారు. ఆయన లక్ష ఇస్తాడా? ఇవ్వడు. అదే లక్ష కొత్తగా ఎవరికైనా ఇస్తే 1,18,000 వస్తుంది, మీ నోటు మీద 1,12,000 మాత్రమే వస్తుంది. ఆయనకూ 18 శాతం గిట్టుబాటు కావాలంటే 1,12,000ను 1.18తో భాగించి 94,915 ఇస్తాడు. అప్పు తీసుకున్నాయన మంచోడే, నోటు పక్కాగానే ఉంది, అయినా మీకు 5,085 తగ్గింది. వచ్చే డబ్బు మారదు, కొనేవాడు అడిగే రాబడి మారుతుంది, ఆ రెండింటికీ లంకె కుదరాలంటే కదలగలిగింది ధర ఒక్కటే.

బాండ్ కూడా ఇంతే, కాకపోతే ఒక్కసారి కాకుండా ఏళ్ల తరబడి విడతలుగా డబ్బు వస్తుంది. పత్రం మీద రాసి ఉన్న వడ్డీని కూపన్ అంటారు, అది మారదు. ఈరోజు ధరకు కొని చివరిదాకా ఉంచుకుంటే ఏడాదికి సగటున పడే రాబడిని ఈల్డ్ అంటారు, అది రోజూ మారుతుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మొత్తం గందరగోళం అవుతుంది. 6.54 శాతం బాండ్ అంటే దాని మీద 6.54 శాతం రాబడి వస్తుందని కాదు, వందకు కొన్నవాడికి మాత్రమే 6.54 వస్తుంది. 95కు కొన్నవాడికి ఎక్కువ, 104కు కొన్నవాడికి తక్కువ.

బాండ్ ధరను చేత్తో కడదాం

లక్ష రూపాయల బాండ్, కూపన్ 6.5 శాతం, గడువు 5 ఏళ్లు అనుకుందాం. మన ప్రభుత్వ బాండ్లు నిజానికి ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి, లెక్క తేలిగ్గా ఉండటానికి ఏడాదికోసారి అనుకుంటున్నాను, ఫలితంలో పెద్ద తేడా రాదు. అంటే నాలుగేళ్లు ఏడాదికి 6,500, ఐదో ఏడు వడ్డీ, అసలు కలిపి 1,06,500 వస్తాయి.

మార్కెట్ కూడా 6.5 శాతమే అడుగుతున్నప్పుడు ఒక్కో విడత ఈరోజు విలువ ఎంతో చూడాలి. మొదటి ఏడాది డబ్బును 1.065తో ఒకసారి భాగించాలి, రెండో ఏడాదిదాన్ని రెండుసార్లు, ఐదో ఏడాదిదాన్ని ఐదుసార్లు. తర్వాత మార్కెట్ 7.5 శాతం అడిగిందనుకుని 1.075తో మళ్లీ అదే చేయాలి.

| ఏడాది | వచ్చే డబ్బు | 6.5% దగ్గర నేటి విలువ | 7.5% దగ్గర నేటి విలువ | తగ్గింది |
|---|---|---|---|---|
| 1 | 6,500 | 6,103 | 6,047 | 57 |
| 2 | 6,500 | 5,731 | 5,625 | 106 |
| 3 | 6,500 | 5,381 | 5,232 | 149 |
| 4 | 6,500 | 5,053 | 4,867 | 185 |
| 5 | 1,06,500 | 77,732 | 74,184 | 3,549 |
| మొత్తం | | 1,00,000 | 95,954 | 4,046 |

రూపాయి, అర్ధరూపాయి తేడాలు పైసలు రౌండ్ చేసినందువల్ల వచ్చినవి, వదిలేయండి. చివరి నిలువు వరసను మాత్రం కాస్త ఆగి చూడండి. మొదటి ఏడాది వచ్చే 6,500 మీద దెబ్బ 57 రూపాయలు, నాలుగో ఏడాది వచ్చే అదే 6,500 మీద 185. ఒకే మొత్తం, దూరం పెరిగేకొద్దీ దెబ్బ పెరిగింది, ఎందుకంటే దూరంగా ఉన్న డబ్బును ఆ పెద్ద అంకెతో ఎక్కువసార్లు భాగించాలి. మొత్తం 4,046 నష్టంలో 3,549 ఒక్క ఐదో ఏడాది చెల్లింపు వల్లే వచ్చింది. కాబట్టి "ఈ బాండ్ ధర ఎంత కదులుతుంది" అని అడగడమంటే "ఇందులో డబ్బు ఎంత దూరంలో ఉంది" అని అడగడమే. డ్యురేషన్ కొలిచేది ఆ దూరాన్నే.

స్ప్రెడ్‌షీట్ ఉంటే ఇదంతా ఒక్క లైనులో అయిపోతుంది:

```
=PV(7.5%,5,-6500,-100000)
```

జవాబు 95,954 రావాలి. మైనస్ గుర్తులు మర్చిపోతే మొత్తం మైనస్‌లో వస్తుంది, కంగారు పడొద్దు.

డ్యురేషన్ లెక్క

ఫ్రెడరిక్ మెకాలే అనే ఆర్థికవేత్త 1938లో చెప్పిన పద్ధతి ఇది, అందుకే మెకాలే డ్యురేషన్ అంటారు. టేబుల్‌లో 6.5 శాతం దగ్గర ఉన్న నేటి విలువలు తీసుకోండి. ఒక్కోదాన్ని అది ఎన్నో ఏడాదో ఆ అంకెతో గుణించండి, అంటే 6,103ను ఒకటితో, 5,731ను రెండుతో, అలా 77,732ను ఐదుతో. అన్నీ కూడితే సుమారు 4,42,580 వస్తుంది. దాన్ని ఇప్పటి ధర లక్షతో భాగిస్తే 4.43. గడువు ఐదేళ్లే అయినా మధ్యలో కూపన్లు వస్తున్నాయి కాబట్టి మన డబ్బు సగటున 4.43 ఏళ్ల దూరంలో ఉన్నట్టు. కూపన్ అసలు లేని బాండ్ అయితే డబ్బంతా చివర్లోనే వస్తుంది కనుక గడువెంతో డ్యురేషన్ అంతే.

ఇప్పుడు ఆ 4.43ను 1.065తో భాగించండి, 4.16 వస్తుంది. దీన్ని మోడిఫైడ్ డ్యురేషన్ అంటారు, రోజువారీ వాడకంలో పనికొచ్చేది ఇదే. ఈల్డ్ ఒక శాతం పెరిగితే ధర సుమారు 4.16 శాతం తగ్గుతుంది, అర శాతం పెరిగితే 2.08 శాతం, పావు శాతం తగ్గితే ధర 1.04 శాతం పెరుగుతుంది. పైన మనం చేత్తో కట్టిన అసలు నష్టం 4.05 శాతం, ఈ అడ్డదారిలో వచ్చింది 4.16 శాతం, దగ్గరగానే ఉంది. ఆ చిన్న తేడా ఎక్కడిదంటే, ధరకూ ఈల్డ్‌కూ ఉన్న గీత తిన్నగా ఉండదు, వంగి ఉంటుంది. ఆ వంపు కొనుక్కున్నవాడి వైపే పనిచేస్తుంది. ఇదే బాండ్‌కు ఈల్డ్ 5.5కు దిగితే ధర 1,04,270 అవుతుంది, అంటే ఒక శాతం పెరిగితే పోయేది 4,046, ఒక శాతం తగ్గితే వచ్చేది 4,270. వడ్డీ రేట్లు పావు, అర శాతం కదిలినప్పుడు ఈ వంపును పట్టించుకోనక్కర్లేదు, రెండు మూడు శాతం కదిలితే మాత్రం అడ్డదారి లెక్క తప్పుతుంది, అప్పుడు మళ్లీ ధర మొత్తం కట్టుకోవాల్సిందే.

స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఇలా:

```
=MDURATION(DATE(2025,1,1),DATE(2030,1,1),6.5%,6.5%,1)
```

చివరి 1 అంటే ఏడాదికోసారి వడ్డీ. మన ప్రభుత్వ బాండ్లకు అక్కడ 2 పెట్టాలి.

గడువు పెరిగితే డ్యురేషన్ కూడా పెరుగుతుంది కానీ అదే నిష్పత్తిలో కాదు, ఇది చాలామంది ఊహించరు. అదే 6.5 శాతం కూపన్‌తో, లక్షకు లక్షే ధర ఉన్న పదేళ్ల బాండ్‌కు మోడిఫైడ్ డ్యురేషన్ 7.19, ముప్పై ఏళ్లదానికి 13.06. గడువు మూడింతలైనా సున్నితత్వం రెండింతలు కూడా కాలేదు, ఎందుకంటే ముప్పై ఏళ్ల బాండ్‌లో కూపన్లే విలువలో పెద్ద భాగం, అవి ముందునుంచే వస్తుంటాయి. అయినా 13 అంటే చిన్న విషయమేం కాదు, ఈల్డ్ ఒక శాతం పెరిగితే ముప్పై ఏళ్ల బాండ్ లక్షకు 88,190 దగ్గరికి వచ్చేస్తుంది.

2022 మే 4న జరిగింది ఇదే

ఆ రోజు రిజర్వ్ బ్యాంక్ ముందు చెప్పిన షెడ్యూల్‌లో లేకుండా రెపో రేటును 4 శాతం నుంచి 4.40కి పెంచింది. అప్పటికి మార్కెట్ అంతా చూస్తున్న పదేళ్ల బాండ్ 2032లో గడువు తీరే 6.54 శాతం బాండ్. దాని ఈల్డ్ ఒక్క రోజులోనే సుమారు పావు శాతం ఎగిరింది. ఇంకా తొమ్మిదిన్నరేళ్లకు పైగా గడువున్న బాండ్, మోడిఫైడ్ డ్యురేషన్ ఏడుకు కాస్త తక్కువ. ఏడును 0.25తో గుణిస్తే వందకు సుమారు రూపాయి డెబ్బై ఐదు పైసలు. పది లక్షలు పెట్టినవాడికి ఒక్క పూటలో పదిహేడు వేల పైచిలుకు తగ్గిందన్నమాట. ఆ తర్వాత 2023 ఫిబ్రవరి దాకా రెపో 6.50కి చేరింది. దీర్ఘకాలిక బాండ్లు పట్టుకున్న ఫండ్లన్నీ ఆ సమయంలో తక్కువ రాబడే ఇచ్చాయి. ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. రెపో అనేది బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర అతి తక్కువ రోజులకు అప్పు తెచ్చుకునే రేటు. పదేళ్ల బాండ్ ఈల్డ్‌ను రిజర్వ్ బ్యాంక్ ప్రకటించదు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు బేరమాడి తేలుస్తారు. రాబోయే ఏళ్ల ద్రవ్యోల్బణం, ప్రభుత్వం తీసుకోబోయే అప్పు, ముందు ముందు రెపో ఎటు పోతుందన్న అంచనా అన్నీ అందులో ఉంటాయి. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ రెపోను ఒకేసారి అర శాతం తగ్గించి 5.50 చేసింది, దాంతోపాటు తన వైఖరిని తటస్థానికి మార్చింది. ఇక తగ్గింపులు పెద్దగా ఉండవని మార్కెట్ అర్థం చేసుకుంది, తర్వాతి రెండు మూడు నెలల్లో పదేళ్ల ఈల్డ్ తగ్గకపోగా పెరిగింది. "రెపో తగ్గింది కదా, ఇప్పుడు లాంగ్ డ్యురేషన్ ఫండ్‌లో పెడితే లాభమే" అని ఆ వార్త చూసి దూకినవాళ్లకు ధర పడటమే కనిపించింది. మీ బాండ్ ధరను కదిపేది మీ బాండ్ గడువుకు తగిన ఈల్డ్, టీవీలో స్క్రోల్ అయ్యే రెపో కాదు.

పడ్డ ధర ఎన్నాళ్లకు పూడుతుంది

నా దృష్టిలో డ్యురేషన్ గురించి మామూలు మదుపరి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే, కానీ చాలాచోట్ల "వడ్డీ పెరిగితే ఇంత నష్టం" దగ్గరే ఆపేస్తారు. వడ్డీ రేటు పెరిగితే ధర తగ్గుతుంది నిజమే, కానీ ఆ రోజు నుంచి మీకొచ్చే ప్రతి కూపన్‌ను కొత్త ఎక్కువ రేటుకు మళ్లీ పెట్టుకోవచ్చు. ఒకటి దెబ్బ, ఇంకోటి మందు, రెండూ ఒకే కారణం నుంచి వచ్చినవి. మందు పూర్తిగా పనిచేయడానికి ఎంత కాలం పడుతుందో చెప్పేది ఆ 4.43 అంకె.

మన ఐదేళ్ల బాండే తీసుకుందాం. కొన్న మర్నాడే ఈల్డ్ 6.5 నుంచి 7.5కి పోయి అక్కడే నిలిచిందనుకోండి, కూపన్లన్నీ మళ్లీ పెడుతున్నారనుకోండి. రెండేళ్లకు చూస్తే, రేటు పెరగకపోయి ఉంటే మీ దగ్గర 1,13,422 ఉండేది, పెరిగింది కాబట్టి 1,10,887 ఉంది, 2,535 వెనకబడ్డారు. ఐదేళ్లకు చూస్తే, పెరగకపోతే 1,37,009, పెరిగితే 1,37,754, అంటే 745 ముందున్నారు. మరి మధ్యలో ఎక్కడో రెండూ సమానం కావాలి కదా, అది దాదాపు 4.43 ఏళ్ల దగ్గరే, రెండు దారుల్లోనూ సుమారు 1,32,180. మీరు కావాలంటే 95,954ను 1.075 ఘాతం 4.43తో గుణించి, లక్షను 1.065 ఘాతం 4.43తో గుణించి పోల్చుకోండి.

అందుకని పెట్టేముందు అడగాల్సింది "వడ్డీ రేట్లు ఎటు పోతాయి" అని కాదు, అది బాంబేలో స్క్రీన్ల ముందు కూర్చున్నవాళ్లకే సరిగ్గా దొరకదు. "ఈ డబ్బు నాకు ఎప్పుడు కావాలి, ఈ బాండ్ లేదా ఫండ్ డ్యురేషన్ ఎంత" అని అడగాలి. హనుమకొండలో ఒకాయన రిటైర్మెంట్ డబ్బులో పది లక్షలు తీసి, రెండేళ్లలో బిడ్డ పెళ్లికని గిల్ట్ ఫండ్‌లో పెట్టాడనుకుందాం. ఆ ఫండ్ ఈల్డ్ 7 శాతం, మోడిఫైడ్ డ్యురేషన్ 7. మొదట్లోనే ఈల్డ్ ఒక శాతం పెరిగితే డెబ్బై వేలు పోతుంది, ఆ తర్వాత ఏడాదికి 8 శాతం చొప్పున కూడుతూ పోతుంది. రెండేళ్లకు 9,30,000ను 1.08తో రెండుసార్లు గుణిస్తే సుమారు 10,84,750. పెరగకపోతే 11,44,900 ఉండేది. అరవై వేల తేడా, పెళ్లి ముందు అది టెన్షనే. ఇదే ఫండ్‌లో ఇదే పది లక్షలు ఎనిమిదేళ్ల తర్వాత కావాల్సిన వ్యక్తి పెట్టుంటే, ఆ రేటు పెరుగుదల ఆయనకు నష్టం కూడా కాదు.

ఇందులో రెండు షరతులున్నాయి, అవి తప్పితే లెక్క తప్పుతుంది. ఒకటి, కూపన్లు మళ్లీ పెట్టాలి. నెలవారీ ఖర్చులకు వడ్డీ వాడుకునే రిటైరైన వాళ్లకు ఈ మందు పనిచేయదు, వాళ్లు గడువుదాకా ఉంచుకుంటే ముఖ విలువ తిరిగొస్తుంది, కొన్నప్పటి రాబడే వస్తుంది, అంతే. రెండు, రేటు ఒకసారి పెరిగి ఆగాలి. 2022లో లాగా నెలల తరబడి పెరుగుతూ పోతే, సొంతంగా బాండ్ కొన్నవాడికి కాలం గడిచేకొద్దీ డ్యురేషన్ తగ్గుతుంది కాబట్టి తర్వాతి దెబ్బలు చిన్నవవుతాయి. ఫండ్ మాత్రం పాత బాండ్లు అమ్మి కొత్తవి కొంటూ డ్యురేషన్‌ను అక్కడే ఉంచొచ్చు, కాబట్టి పెరిగిన ప్రతిసారీ కొత్త దెబ్బ, కొత్త ఎదురుచూపు.

ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయి

మ్యూచువల్ ఫండ్ అయితే నెలనెలా వచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో ఉంటాయి. అందులో YTM అని రాసిందే ఈల్డ్, Macaulay Duration, Modified Duration అని రెండూ ఇస్తారు. Average Maturity అన్న అంకెను డ్యురేషన్ అనుకోవద్దు, అది గడువుల సగటు మాత్రమే, ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. ఫండ్ పేరు కూడా చాలావరకు చెప్పేస్తుంది, సెబీ నిబంధన ప్రకారం షార్ట్ డ్యురేషన్ ఫండ్ మెకాలే డ్యురేషన్ ఒకటి నుంచి మూడేళ్ల మధ్య ఉండాలి, లాంగ్ డ్యురేషన్ ఫండ్‌ది ఏడేళ్లు దాటాలి. గిల్ట్ ఫండ్‌కు మాత్రం అలాంటి హద్దు లేదు, మేనేజర్ ఇవాళ మూడేళ్ల దగ్గర ఉండి రేపు పదికి పోవచ్చు, కాబట్టి దాని ఫ్యాక్ట్‌షీట్ ఒకసారి చూసి వదిలేస్తే కుదరదు.

సొంతంగా ప్రభుత్వ బాండ్ కొనేవాళ్లకు 2021 నవంబర్‌లో మొదలైన రిజర్వ్ బ్యాంక్ రిటైల్ డైరెక్ట్ ఖాతా ఉంది. పది వేల రూపాయల నుంచి కొనొచ్చు. కానీ చిన్న మొత్తాలకు మధ్యలో అమ్ముదామంటే మంచి ధరకు కొనేవాళ్లు దొరకడం కష్టం కావచ్చు, డ్యురేషన్ లెక్క చెప్పిన దానికంటే ఇంకాస్త తక్కువకే అమ్ముకోవాల్సి రావచ్చు. కాబట్టి అక్కడ గడువుదాకా ఉంచుకోగలిగిన డబ్బే పెట్టడం మేలు.

"ఇదంతా ఎందుకు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ధర పడదు కదా" అంటారు. డిపాజిట్‌ను బజారులో అమ్మేవాళ్లు లేరు కాబట్టి దాని ధర రోజూ ఎవరూ రాయరు, అంతే తేడా. 6.5కు ఐదేళ్లకు వేసిన మర్నాడు బ్యాంకు 7.5 ఇస్తే, మీరు ఏడాదికి ఒక శాతం పోగొట్టుకుంటూనే ఉంటారు, పాస్‌బుక్‌లో మాత్రం కనిపించదు. కాకపోతే డిపాజిట్‌కు ఒక నిజమైన సుగుణం ఉంది, చాలా బ్యాంకుల్లో కొంత పెనాల్టీ కట్టి మధ్యలో తీసుకోవచ్చు, అంటే నష్టానికి ఒక హద్దు ఉంటుంది. ముప్పై ఏళ్ల బాండ్‌కు అలాంటి హద్దు లేదు.

చివరగా, డ్యురేషన్ కొలిచేది వడ్డీ రేటు వల్ల వచ్చే కదలికను మాత్రమే. ఒక ప్రైవేటు కంపెనీ బాండ్ డ్యురేషన్ 1.5 మాత్రమే ఉండి, ప్రభుత్వ బాండ్ల ఈల్డ్ కదలకుండానే దాని ధర ఒక్కరోజులో ఐదారు శాతం పడిందంటే, అది వడ్డీ రేటు పని కాదు. ఆ కంపెనీ అప్పు తీరుస్తుందా లేదా అన్న అనుమానం మొదలైందని అర్థం, అలాంటి నష్టం ఏడాదిన్నర ఆగినా, పదేళ్లు ఆగినా దానంతటదే పూడదు.